చందా రసీదు కాదు, స్పాన్సర్‌షిప్ ఇన్‌వాయిస్

కాలనీలో సంక్రాంతి ముగ్గుల పోటీకో బతుకమ్మ సంబరానికో ఒక కంపెనీ డబ్బిస్తే, ఆ డబ్బు చందా అయినా కావాలి, స్పాన్సర్‌షిప్ అయినా కావాలి. ప్రతిఫలం ఏమీ ఆశించకుండా ఇచ్చేది చందా. దానికి రసీదు చాలు. దాత పేరు ఒక ఫలకం మీద కృతజ్ఞతగా రాసినంత మాత్రాన అది వ్యాపార ప్రకటన కాదని, ధార్మిక సంస్థలకిచ్చే విరాళాల విషయంలో 2019 అక్టోబరులో జీఎస్టీ అధికారులు సర్క్యులర్ ద్వారా చెప్పారు. అయితే వేదిక మీద లోగో, మైదానంలో స్టాలు, మైకులో ప్రకటనలు కావాలని అడిగి ఇచ్చే సొమ్ము ప్రచార సేవకు ఇచ్చే ధర. దానికి ఇన్‌వాయిస్ రాయాలి. ఉత్పత్తుల ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను కంపెనీ తన సామాజిక బాధ్యత ఖర్చు కింద చూపించుకోవడానికి కూడా చట్టం ఒప్పుకోదు.

ఉదాహరణకు హైదరాబాద్‌లో సొసైటీగా రిజిస్టరైన ఒక సంక్షేమ సంఘాన్ని తీసుకోవచ్చు. జీఎస్టీ నంబరు లేదు, పాన్ ఉంది. రెండు రోజుల సంక్రాంతి ఉత్సవానికి ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ 3 లక్షల రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఈ సంఘం రాసే ఇన్‌వాయిస్‌ను కంపెనీలో ఇద్దరు చదువుతారు. ఇచ్చిన డబ్బుకు ఏం దక్కుతుందో మార్కెటింగ్ మేనేజరు చూస్తారు. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెల్లించాలో అకౌంట్స్ విభాగం చూస్తుంది. ఇద్దరిలో ఎవరికి అనుమానం వచ్చినా కాగితం వెనక్కి వస్తుంది.

మేనేజరు చదివే భాగంలోనే తగాదాలు ఎక్కువ. ‘వేదికపై తగిన ప్రచారం’ అని రాస్తే, ఎంత ప్రచారం తగినదో ఉత్సవం అయ్యాక తేల్చుకోవాల్సి వస్తుంది. కాబట్టి ఒప్పుకున్న ప్రతి అంశాన్నీ కొలవడానికి, లెక్కపెట్టడానికి వీలుగా రాయాలి. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న వేదిక బ్యానరులో కుడివైపు పైభాగాన 4 అడుగుల లోగో. ప్రవేశద్వారం పక్కన 10 అడుగుల చదరపు స్టాలు, అందులో ఒక కరెంటు పాయింటు, రెండు కుర్చీలు. రోజుకు నాలుగు చొప్పున మొత్తం ఎనిమిది మైకు ప్రకటనలు. సావనీరులో ఒక రంగుల పేజీ. బహుమతి ప్రదానంలో కంపెనీ ప్రతినిధికి వేదిక మీద చోటు. ఇలా రాసుకుంటే ఉత్సవం మర్నాడు ఏది జరిగిందో, ఏది జరగలేదో చెప్పడానికి వాదన అక్కర్లేదు. లోగో ఫైలు, సావనీరు ప్రకటన ఏ తేదీలోగా కంపెనీ పంపాలో కూడా అక్కడే ఉండాలి. ఆలస్యం వాళ్లదైతే ఆ తప్పు సంఘం నెత్తిన పడదు.

ఇంకో మాట చాలామంది మరచిపోతారు. అదే రకం వ్యాపారం చేసే మరో కంపెనీని స్పాన్సరుగా తీసుకుంటారా, తీసుకోరా? తీసుకోబోమని మాటిచ్చి ఉంటే అది ఇన్‌వాయిస్‌లో కనిపించాలి. ఇవ్వకపోతే, ‘ప్రధాన స్పాన్సర్’ అన్న ఒక్క మాటను కంపెనీ తనకు నచ్చినట్టు అర్థం చేసుకుంటుంది.

రెండో భాగం పన్ను. మంచి కోశాధికారులు కూడా పొరపడేది ఇక్కడే. స్పాన్సర్‌షిప్ సేవ మీద జీఎస్టీ 18 శాతం. 3 లక్షలకు 54 వేలు కలిపి 3,54,000కు బిల్లు రాయాలని ఎవరికైనా తోస్తుంది. కానీ స్పాన్సర్ చేసేది కంపెనీగానీ భాగస్వామ్య సంస్థగానీ అయి, సేవ ఇచ్చేది కంపెనీలాంటి బాడీ కార్పొరేట్ కాకపోతే, ఈ పన్నును ‘రివర్స్ ఛార్జ్’ పద్ధతిలో స్పాన్సరే నేరుగా ప్రభుత్వానికి కట్టాలి. సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘాన్ని సాధారణంగా బాడీ కార్పొరేట్‌గా చూడరు. అందుకే ఈ సంఘం బిల్లు సరిగ్గా 3 లక్షలకే ఉండాలి. కింద ‘రివర్స్ ఛార్జ్ కింద పన్ను చెల్లించాల్సింది సేవ పొందినవారు’ అన్న ఒక వాక్యం, స్పాన్సర్‌షిప్ సేవ కోడ్ 998397 రాస్తే సరిపోతుంది. సంఘానికి జీఎస్టీ నంబరు లేదు కాబట్టి తన లెక్కల కోసం కంపెనీయే సొంతంగా మరో ఇన్‌వాయిస్ తయారుచేసుకుంటుంది.

నంబరు లేకుండా జీఎస్టీ వసూలు చేయడం నేరుగా చిక్కుల్లోకి నడవడమే. ఇక ఉత్సవాన్ని నడిపేది ప్రైవేట్ లిమిటెడ్ ఈవెంట్ సంస్థ అయితే లెక్క మారిపోతుంది. 2025 జనవరి 16 నుంచి అలాంటి సంస్థలు తామే 18 శాతం బిల్లులో వేసి కట్టాలి. స్పాన్సరు ఒకే యజమాని నడిపే బట్టల షాపు అయినా రివర్స్ ఛార్జ్ వర్తించదు. అలాంటి బిల్లులు, తినుబండారాల స్టాళ్ల అద్దెలు కూడా ఉన్న సంఘం ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటుతోందేమో చూసుకోవాలి. దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు.

జీఎస్టీ బిల్లులో కలవకపోయినా, టీడీఎస్ మాత్రం చేతికొచ్చే డబ్బులో తగ్గుతుంది. బ్యానర్ల ప్రచారం కోసం సంఘాల కార్యక్రమాలను స్పాన్సర్ చేయడం ప్రకటన పని కిందికే వస్తుందని ప్రత్యక్ష పన్నుల బోర్డు 1995లోనే 715వ సర్క్యులర్‌లో తేల్చింది. దాని ప్రకారం సంఘానికి కంపెనీ 2 శాతం కోసి ఇస్తుంది. బిల్లు మీద పాన్ లేకపోతే కోత 20 శాతానికి పోతుంది. 3 లక్షల మీద 6 వేలకూ 60 వేలకూ ఉన్న తేడా అది.

ఇక చెల్లింపు షరతులు. పెద్ద కంపెనీల్లో బిల్లు చేరాక 30 నుంచి 45 రోజులకు డబ్బు రావడం మామూలే. షామియానా, సౌండ్ సిస్టం వాళ్లు అన్నాళ్లు ఆగరు. అందుకే సగం ముందుగా తీసుకోవడం న్యాయం. ఈ సంఘం ‘1,50,000 ఉత్సవానికి పదిహేను రోజుల ముందు, మిగతా 1,50,000 ఉత్సవం ముగిశాక నివేదిక అందిన పదిహేను రోజుల్లోగా’ అని రాసుకుంది. నివేదిక అంటే తేదీ కనిపించే బ్యానరు, స్టాలు ఫొటోలు, మైకు ప్రకటనల వీడియో ముక్కలు, సావనీరు ప్రతి. ‘నివేదిక సంతృప్తికరంగా ఉంటే’ అన్న షరతుకు ఒప్పుకోకూడదు. సంతృప్తికి గడువు ఉండదు.

వాన వచ్చి రెండో రోజు కార్యక్రమం ఆగిపోతే ఏమిటన్నదీ ముందే తేలాలి. లోగో వేసిన బ్యానరు ఖర్చు అప్పటికే అయిపోయింది. మిగిలిన నాలుగు మైకు ప్రకటనలు మాత్రం జరగలేదు. జరగని అంశానికి అనుపాతంలో తగ్గిస్తారా, వాయిదా వేసిన తేదీన పూర్తి చేస్తారా అన్నది ఒక్క వాక్యంలో రాయవచ్చు. ఆ వాక్యం లేకపోతే రెండో విడత మొత్తం ఆగిపోయే ప్రమాదం ఉంది.

బిల్లు పంపేముందు కంపెనీ నుంచి పర్చేజ్ ఆర్డరు, అంటే పీఓ, అడిగి ఆ నంబరు బిల్లు మీద వేయాలి. ఆ నంబరు లేని బిల్లును చాలా కంపెనీల అకౌంట్స్ విభాగం పక్కన పెట్టేస్తుంది. మేనేజరు ఫోనులో ఎంత భరోసా ఇచ్చినా అక్కడ లెక్కలోకి రాదు. సంఘం పేరు పాన్ కార్డులో, బ్యాంకు ఖాతాలో, బిల్లులో ఒకేలా ఉండాలి. అధ్యక్షుడి సొంత ఖాతాకు డబ్బు తెప్పించుకుంటే ఆ రాబడి, దాని పన్ను ఆయన మెడకే చుట్టుకుంటాయి.

అన్నీ సజావుగా సాగితే ఖాతాలో పడేది రెండు విడతలుగా 1,47,000 చొప్పున 2,94,000. మిగిలిన 6 వేలు సంఘం పాన్ మీద జమై ఉంటాయి. టీడీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకుని, సంఘం తరఫున ఆదాయపు పన్ను రిటర్ను వేసేటప్పుడు ఆ మొత్తాన్ని చూపించుకోవాలి. రిటర్ను వేయని సంఘం ఆ 6 వేలనూ వదులుకున్నట్టే.