అందమైన రెజ్యూమె ఎందుకు అందదు?

ఒక జావా డెవలపర్ రెజ్యూమె ఇలా ఉందనుకుందాం. ఎడమవైపు నీలంరంగు పట్టీ, అందులో గుండ్రటి ఫొటో, ఫోన్ బొమ్మ పక్కన నంబరు, కింద నైపుణ్యాలు, చదువు. కుడివైపు తెల్లటి భాగంలో ఉద్యోగ అనుభవం. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే టెంప్లేటే. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

పెద్ద కంపెనీలకు దరఖాస్తు చేస్తే మాత్రం దాన్ని ముందు చదివేది మనిషి కాదు. వర్క్‌డే, టాలియో, గ్రీన్‌హౌస్ లాంటి సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రిక్రూటర్లు వీటన్నిటినీ కలిపి ఏటీఎస్ అంటారు. అది మొదట ఫైల్లోంచి అక్షరాలను బయటికి లాగుతుంది. రంగులు, గీతలు, బొమ్మలు అక్కడే రాలిపోతాయి. జావాలో తొంభై శాతం పట్టు ఉందని చూపడానికి గీసిన పట్టీ కూడా వాటితోపాటే పోతుంది. ఆ తర్వాత పార్సర్ అనే భాగం మిగిలిన అక్షరాల్లో ఏది పేరు, ఏది కంపెనీ, ఏది తేదీ అని తేల్చి ఒక్కోదాన్ని ఒక్కో గడిలో నింపుతుంది.

చిక్కు చాలావరకు అక్షరాలు లాగే దగ్గరే మొదలవుతుంది. పీడీఎఫ్ కాగితం మీద అచ్చు ఎలా కనిపించాలో చెప్పే ఫైలు. ఫలానా చోట ఫలానా అక్షరం పెట్టు అన్న ఆదేశాలే అందులో ప్రధానం. ఇది పేరా, ఇది కాలమ్ అన్న సమాచారం చాలా ఫైళ్లలో ఉండదు. కాబట్టి చదివే సాఫ్ట్‌వేర్ వరసను ఊహించుకోవాలి. కాలమ్‌లను పసిగట్టగలిగేవి ఉన్నాయి. పసిగట్టలేనివి పేజీ ఈ చివర నుంచి ఆ చివరికి అడ్డంగా చదువుకుంటూ పోతాయి. అప్పుడు మన డెవలపర్ రెజ్యూమె ఇలా బయటికి వస్తుంది:

```
Java, Spring Boot Senior Developer
SQL, Oracle Company A
B.Tech, 2013 - 2017 06/2019 - Present
```

రెండో వరస చూడండి. ఒరాకిల్ ఒక డేటాబేస్ పేరు, ఒక కంపెనీ పేరు కూడా. పక్కనే అసలు కంపెనీ పేరు వచ్చి చేరేసరికి ఈయన ఒరాకిల్‌లో పనిచేశాడని పార్సర్ పొరబడవచ్చు. మూడో వరస ఇంకా ప్రమాదం. చదువు తేదీలు, ఉద్యోగం తేదీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. పార్సర్ 2013 - 2017ను ఉద్యోగమనుకుంటే ఆయన అనుభవం నాలుగేళ్లే. రిక్రూటర్ తెర మీద ‘అయిదేళ్లు, ఆపైన’ అన్న ఫిల్టర్ నొక్కగానే, 2019 జూన్ నుంచి పనిచేస్తున్న మనిషి జాబితాలోంచి మాయమవుతాడు.

ఇక్కడ ఆయన్ను ఎవరూ తిరస్కరించలేదు. వెతికినప్పుడు దొరకలేదంతే. నాలుగింట మూడొంతుల రెజ్యూమెలను ఏటీఎస్ తనంతట తానే చెత్తబుట్టలో పడేస్తుందని చక్కర్లు కొట్టే లెక్కకు ఆధారం లేదు. మనిషి చూడకుండానే తిరస్కరించేది ఎక్కువగా దరఖాస్తు ఫారంలోని ప్రశ్నలకు ఇచ్చే జవాబులను బట్టి: ఆ దేశంలో పనిచేసే అనుమతి ఉందా, ఫలానా సర్టిఫికెట్ ఉందా అన్నవాటికి ‘లేదు’ అంటే అక్కడితో సరి.

వర్డ్ ఫైలుదీ ఓ తిరకాసుంది. డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. పేజీ పైన హెడర్‌లో టైప్ చేసింది `header1.xml` లాంటి విడి ఫైల్లోకి, పేజీలోని అసలు మేటర్ `document.xml`లోకి వెళ్తాయి. కొన్ని పార్సర్లు రెండోదాన్నే చదువుతాయి. పేరు, ఫోన్ నంబరు పొందిగ్గా హెడర్‌లో పెట్టుకున్న అభ్యర్థి అర్హతలన్నీ సిస్టమ్‌లోకి చేరతాయి గానీ, పిలుద్దామంటే నంబరుండదు.

అక్షరాల తంటా తెలుగు డీటీపీ వాళ్లకు కొత్త కాదు. అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ను కాపీ చేసి మెయిల్‌లో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. ఎందుకంటే కనిపించే రూపం ఒకటి, వెనకున్న కోడ్ మరొకటి. కొన్ని పీడీఎఫ్‌లలో ఇంగ్లిష్‌కీ ఇదే గతి. f, i కలిపి ఒకే అచ్చుగా వేసే ఫాంటులో ఆ జంటకు సరైన కోడ్ జత కాకపోతే `Certified` కాస్తా `Certi ed` అవుతుంది. రిక్రూటర్ ఆ మాట కొట్టి వెతికితే ఈ రెజ్యూమె తగలదు.

ఇదంతా కొంతవరకు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పీడీఎఫ్ తెరిచి `Ctrl+A`, `Ctrl+C` నొక్కి, నోట్‌ప్యాడ్‌లో అతికించాలి. మాటలు కలగాపులగంగా వస్తే ఒకే కాలమ్‌లోకి మార్చుకోవాలి. ఏమీ రాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ అన్నమాట. అయితే నోట్‌ప్యాడ్‌లో బాగా వచ్చినంత మాత్రాన ప్రతి పార్సర్ సరిగ్గా చదువుతుందన్న హామీ లేదు. అంతకంటే గట్టి సాక్ష్యం చాలా కంపెనీల దరఖాస్తు పేజీలోనే ఉంటుంది. రెజ్యూమె అప్‌లోడ్ చేయగానే అది తనకు అర్థమైనట్టు గళ్లు నింపి చూపిస్తుంది. తొందరలో చాలామంది వాటివైపు చూడకుండానే తర్వాతి పేజీకి వెళ్లిపోతారు. మన డెవలపర్‌కు అక్కడ కంపెనీ గడిలో ఒరాకిల్ కనిపించేది. చేత్తో దిద్దడానికి నిమిషం పట్టేది.