స్థిర పీడనంలో వేడి ఎందుకు ఎక్కువ కావాలి?

ఒక పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత ఉష్ణం కావాలన్నది, దాన్ని వ్యాకోచించనిస్తున్నామా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఘనపరిమాణం మారకుండా బిగించి వేడిచేస్తే పట్టే ఉష్ణం స్థిర ఘనపరిమాణ ఉష్ణధారణ, గుర్తు Cv. పీడనాన్ని మారనివ్వకుండా, పదార్థాన్ని స్వేచ్ఛగా పెరగనిచ్చి వేడిచేస్తే పట్టేది స్థిర పీడన ఉష్ణధారణ, గుర్తు Cp. సాధారణంగా రెండోదే పెద్దది. వ్యాకోచించే పదార్థం చుట్టూ ఉన్న గాలిని నెట్టాలి కాబట్టి అదనపు ఉష్ణం కావాలని బడిలో చెబుతారు. వాయువులకు ఈ జవాబు అక్షరాలా సరిపోతుంది. ఘనపదార్థాల విషయంలో మాత్రం అసలు కారణాన్ని వదిలేస్తుంది.

ముందు గాలి సంగతి చూద్దాం. పిస్టన్ బిగించిన సిలిండర్‌లో ఒక మోల్ గాలి ఉందనుకోవాలి. 300 కెల్విన్ దగ్గర, ఒక వాతావరణ పీడనంలో అది సుమారు 24.6 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. పిస్టన్‌ను కదలకుండా బిగించి ఒక డిగ్రీ వేడిచేస్తే 20.8 జౌళ్లు చాలు. ఆ శక్తి మొత్తం అణువుల చలనంలోకే పోతుంది. పిస్టన్‌ను వదిలి వేడిచేస్తే ఘనపరిమాణం 300లో ఒక వంతు, అంటే 82 ఘన సెంటీమీటర్లు పెరుగుతుంది. బయటి పీడనం 1,01,325 పాస్కళ్లు. దాన్ని ఈ పెరుగుదలతో గుణిస్తే పిస్టన్ మీద జరిగిన పని 8.3 జౌళ్లు. మొత్తం ఖర్చు 29.1 జౌళ్లు.

ఇదే లెక్కను గుర్తులతో రాయడం తేలిక. ఇచ్చిన ఉష్ణం అంతర్గత శక్తిలోని పెరుగుదలకూ, చేసిన పనికీ సమానం. ఆదర్శ వాయువులో అంతర్గత శక్తి ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది కాబట్టి, డిగ్రీ పెరుగుదలకు ఆ భాగం ఎప్పుడూ Cv. PV = RT ప్రకారం ఒక డిగ్రీకి చేసే పని R. అందువల్ల

Cp − Cv = R = 8.314 జౌళ్లు

జర్మన్ వైద్యుడు జూలియస్ రాబర్ట్ మేయర్ 1842లో ఈ తేడా నుంచే ఉష్ణానికీ పనికీ మధ్య మారకపు రేటును లెక్కగట్టాడు. ఒక బరువు 365 మీటర్ల ఎత్తు నుంచి పడితే, అంతే బరువున్న నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే ఉష్ణం పుడుతుందని తేల్చాడు. నేటి విలువ 427 మీటర్లు. ఆలోచన సరైనదే. అప్పట్లో దొరికిన గాలి విశిష్టోష్ణాల కొలతలే తప్పు. ఆయన వాదన నిలవాలంటే, వ్యాకోచించడం వల్ల మాత్రమే గాలి అంతర్గత శక్తి మారకూడదు. జౌల్ 1845లో బిగించి నింపిన గాలిని ఖాళీ పాత్రలోకి వదిలినప్పుడు, చుట్టూ ఉన్న నీటి ఉష్ణోగ్రతలో మార్పు కనబడలేదు.

ఘనపదార్థాలకు వర్తించనిది సరిగ్గా ఈ అంశమే. ఒక మోల్ రాగిని తీసుకుంటే దాని ఘనపరిమాణం 7.1 ఘన సెంటీమీటర్లే. డిగ్రీకి అది లక్షలో 5 వంతులు మాత్రమే పెరుగుతుంది. వాతావరణాన్ని నెట్టడానికి అయ్యే పని ఒక జౌల్‌లో లక్షకు నాలుగు వంతులైనా ఉండదు. అయినా రాగి Cp, Cv మధ్య తేడా సుమారు 0.75 జౌళ్లు, అంటే గాలి మీద చేసిన పనికి ఇరవై వేల రెట్లు. మిగతాదంతా లోపలే ఖర్చవుతోంది. రాగి వ్యాకోచించిందంటే పరమాణువులు ఒకదానికొకటి దూరం జరిగాయని అర్థం, వాటి మధ్య బంధాలను సాగదీయడానికి శక్తి కావాలి.

ఈ రెండు ఖర్చులనూ కలిపి ఇలా రాస్తారు:

Cp − Cv = [P + (∂U/∂V)_T] × (∂V/∂T)_P

కుండలీకరణంలో మొదటిది బయటి పీడనం, రెండోది ఘనపరిమాణంతో పాటు అంతర్గత శక్తి మారే రేటు. ఆదర్శ వాయువుకు రెండోది సున్నా. ఉష్ణగతికశాస్త్ర రెండో నియమం ప్రకారం ఈ మొత్తం TαBకి సమానం. α అంటే ఘనపరిమాణ వ్యాకోచ గుణకం, B అంటే నొక్కితే ఎంతవరకు లొంగదో చెప్పే స్థూల గుణకం. (∂V/∂T)_P అంటే Vα. కాబట్టి

Cp − Cv = TVα²B

ఆదర్శ వాయువుకు α = 1/T, B = P అని పెడితే మళ్లీ R వస్తుంది. రాగికి B సుమారు 1.4 × 10¹¹ పాస్కళ్లు, దాంతో 300 కెల్విన్ దగ్గర 0.75 జౌళ్లు వస్తాయి. కొలిచిన Cp 24.5 కాబట్టి Cv దాదాపు 23.7. రాగి Cvని నేరుగా కొలవడం దాదాపు అసాధ్యం: ఘనపరిమాణం మారకుండా ఆపాలంటే వేడెక్కిన ప్రతి డిగ్రీకి దాదాపు 70 వాతావరణాల పీడనం అదనంగా పెట్టాలి. అందుకే Cpని కొలిచి, ఈ సూత్రంతో Cvని లెక్కగడతారు.

సూత్రంలో α వర్గం ఉండటం గమనించాలి. 0 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ మధ్య నీరు వేడిచేస్తే ముడుచుకుంటుంది, అంటే గాలిని నెట్టదు, గాలే దాన్ని నొక్కుతుంది. బడిలో చెప్పే జవాబును నమ్ముకుంటే అక్కడ Cp చిన్నదై ఉండాలి. కానీ α రుణాత్మకమైనా దాని వర్గం ధనాత్మకమే, కాబట్టి Cpయే పెద్దది. సుమారు 4 డిగ్రీల దగ్గర α సున్నా అవుతుంది, అక్కడ మాత్రం నీటికి Cp, Cv సమానం.