అదే పని, పది పేర్లు

బి.ఫార్మసీ పూర్తిచేసిన అమ్మాయి జాబ్ సైట్ తెరిచి Pharmacist అని కొడుతుంది. వచ్చేవి దాదాపు అన్నీ ఒక్క రకమే. మందుల షాపులో కౌంటర్ దగ్గర, లేదా ఆసుపత్రి ఫార్మసీలో షిఫ్టుల మీద. వాటిలో చాలావాటికి రెండేళ్ల డి.ఫార్మసీ సరిపోతుంది. నాలుగేళ్లు చదివింది ఇందుకేనా అనిపించి, పక్క ఊరి సీనియర్ చెప్పాడని Medical Representative అని కొడుతుంది. అక్కడ బైకు, టార్గెట్లు, రోజంతా తిరుగుడు. ఇంట్లోవాళ్లు ఈలోపు "ఇంకో కోర్సేదైనా చెయ్యకూడదూ" అని మొదలుపెడతారు.

సరిగ్గా అదే చదువు చదివినవాళ్లు హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసుల్లో కూర్చుని, అమెరికాలోనో యూరప్‌లోనో ఎవరో మాత్ర వేసుకుంటే వచ్చిన దద్దుర్ల గురించి రిపోర్టులు తయారుచేస్తున్నారు. ఆ ఉద్యోగం ఈ అమ్మాయికి కనబడకపోవడానికి కారణం సైట్ దాచిపెట్టడం కాదు. వెతికే పెట్టె ప్రధానంగా మాటను మాటతో పోల్చి చూస్తుంది. ప్రకటనలో ఫార్మసిస్ట్ అన్న మాటే లేకపోతే అది జాబితాలో ఎక్కడో అడుగున పడుతుంది, లేదా అసలు రాదు. అభ్యర్థి తన డిగ్రీ పేరుతో వెతుకుతుంది. కంపెనీ తన విభాగం పేరుతో ప్రకటిస్తుంది. రెండూ కలవవు.

ముందు ఆ పని ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూద్దాం. దాన్నుంచే వెతకాల్సిన మాటలు దొరుకుతాయి కాబట్టి.

ఎక్కడో ఒక పెద్దాయన బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నాడు. కాళ్లు ఉబ్బి బూట్లు పట్టడం లేదని ఆయన డాక్టర్ మందు కంపెనీకి తెలియజేశాడు. ఆ సమాచారం హైదరాబాద్‌లో ఒకరి స్క్రీన్ మీదికి వస్తుంది. వాళ్లు మొదట నాలుగు విషయాలు ఉన్నాయా అని చూస్తారు. ఫలానా రోగి అని గుర్తించగల వివరం, తెలియజేసిన మనిషి, అనుమానిస్తున్న మందు, జరిగిన ఇబ్బంది. నాలుగూ ఉంటేనే అది లెక్కలోకి వచ్చే కేసు. ఇలాంటి ఒక్కో రిపోర్టును ICSR అంటారు. తర్వాత "బూట్లు పట్టడం లేదు" అన్న మాటను ప్రపంచమంతటికీ ఒకేలా అర్థమయ్యే పదంలోకి మార్చాలి, Oedema peripheral లాగా. అందుకు వాడే వైద్య పదకోశం పేరు MedDRA. ఆపైన జరిగినదంతా తేదీల వరుసలో ఒక పేరాగా రాస్తారు. దాన్ని నేరేటివ్ అంటారు. ఇబ్బంది ఆసుపత్రిలో చేరేంత తీవ్రమైనదైతే నియంత్రణ సంస్థకు సాధారణంగా 15 రోజుల్లోపు చేరాలి, అందుకే ఈ ఆఫీసుల్లో గడువు తేదీల మీద అంత హడావిడి. ఇదంతా చేసే సాఫ్ట్‌వేర్‌లలో బాగా వినబడేది Argus.

ఈ విభాగం పేరు ఫార్మకోవిజిలెన్స్. బి.ఫార్మసీ సిలబస్‌లో చివరి సెమిస్టర్‌లో ఇది ఎలక్టివ్ సబ్జెక్టుగానే ఉంది. దానికి ముందు వరుసలో రెగ్యులేటరీ సైన్స్ కూడా ఉంది. పరీక్ష రాసి మార్కులు తెచ్చుకుని, అదొక ఉద్యోగం పేరని మాత్రం చాలామంది గమనించరు. నన్నడిగితే ఏ డిగ్రీవాళ్లయినా వెతుకులాట మొదలుపెట్టాల్సింది సిలబస్ చివరి పేజీల దగ్గరే. ఎలక్టివ్‌ల పేర్లు తరచూ పరిశ్రమలోని విభాగాల పేర్లే.

ఇప్పుడు అమ్మాయి మళ్లీ పెట్టె దగ్గరికి వచ్చింది. ఈసారి హోదా పేరు కొట్టకూడదు. ఆ పని చేసేవాళ్లు తప్ప ఇంకెవరూ వాడని మాట ఒకటి కొట్టాలి.

```
MedDRA AND ICSR
```

ఈ రెండు మాటలు మందుల షాపు ప్రకటనలో ఉండవు, రిప్రజెంటేటివ్ ప్రకటనలో ఉండవు. కాబట్టి వచ్చినవన్నీ ఒకే కుటుంబానికి చెందిన ఉద్యోగాలు. వాటి హోదాలు మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. డ్రగ్ సేఫ్టీ అసోసియేట్, సేఫ్టీ డేటా అసోసియేట్, పేషెంట్ సేఫ్టీ స్పెషలిస్ట్, ఫార్మకోవిజిలెన్స్ ఆఫీసర్, కేస్ ప్రాసెసర్. పాతికేళ్ల కిందట డ్రగ్ సేఫ్టీ అన్న కంపెనీయే ఇవాళ పేషెంట్ సేఫ్టీ అనవచ్చు. కొన్ని ఔట్‌సోర్సింగ్ కంపెనీలైతే విభాగం మాటే ఎత్తకుండా ప్రాసెస్ అసోసియేట్ అని వదిలేస్తాయి. హోదా పేరుతో వెతికేవాళ్లకు ఆ చివరిది ఎప్పటికీ దొరకదు. నైపుణ్యం మాటతో వెతికితే ప్రకటన లోపల రాసిన వివరం వల్ల పట్టుబడుతుంది.

ఒక ఇరవై ప్రకటనలు ఓపిగ్గా చదివి, నోట్‌బుక్‌లో రెండు వరుసలు గీసుకోవాలి. ఎడమ వైపు హోదాలు, కుడి వైపు ప్రతి ప్రకటనలోనూ మళ్లీ మళ్లీ కనబడే పనిమాటలు. తర్వాత ఎడమ వైపు పేర్లన్నిటినీ కలిపి ఒకే వాక్యంగా వెతకాలి. లింక్డ్‌ఇన్‌లో ఇలా:

```
"drug safety" OR pharmacovigilance OR "patient safety" OR "case processing"
```

OR, AND, NOT పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. రెండు మాటలు కలిసే రావాలంటే కోట్స్ మధ్య పెట్టాలి. అన్ని సైట్లూ ఇవి ఒకేలా పాటించవు, నౌక్రీ లాంటి చోట నైపుణ్యం పేరు విడిగా కొట్టి చూడటమే సులువు.

అసలు తమాషా కుడి వైపు వరుసలో ఉంది. అక్కడ రాసుకున్న ఒక్కో పనిమాటను విడిగా తీసి వెతికితే అది వేరే గదిలోకి తీసుకెళుతుంది. నేరేటివ్ రాయడం అన్నదాన్ని పట్టుకుని narrative writing అని కొడితే మెడికల్ రైటర్ ఉద్యోగాలు తగులుతాయి. క్లినికల్ ట్రయల్ ముగిశాక నివేదికలు రాసే పని అది. ఇంగ్లిష్ బాగా వచ్చి, కౌంటర్ దగ్గర నిలబడటం ఇష్టంలేని పిల్లలకు సరిగ్గా సరిపోతుంది. వైద్య పత్రికల్లో వచ్చే వ్యాసాలను జల్లెడపట్టి మందుల దుష్ప్రభావాలు వెతికే పని ఇంకొకటి. దానికి literature screening అని కొట్టాలి. MedDRA పక్కన WHODrug అనే మాట కనబడిందంటే అది క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్ వైపు దారి. ట్రయల్‌లో పాల్గొన్నవాళ్లు వాడిన మందుల పేర్లను కోడ్ చేసేవాళ్లుంటారు అక్కడ. ఎలక్టివ్‌లలోని ఆ రెగ్యులేటరీ మాటతో dossier, eCTD అన్నవి కలిపితే, కొత్త మందుకు అనుమతి కోరుతూ ప్రభుత్వాలకు సమర్పించే ఫైళ్లు తయారుచేసే ఉద్యోగాలు బయటపడతాయి. ఒక్క మాటతో మొదలైన అమ్మాయి నాలుగు విభాగాలు చూసింది. కొత్త ప్రకటన తెరిచినప్పుడు రెండు వరుసల్లోనూ కొత్తగా రాసుకోవడానికి ఏమీ మిగలడం లేదంటే ఆ వీధి చివరికి వచ్చినట్టే. ఇక వేరే మాట పట్టుకోవచ్చు.

పొట్టి పేర్ల దగ్గరే చిక్కులొస్తాయి. ఫార్మకోవిజిలెన్స్ వాళ్లు తమ పనిని పీవీ అంటారు. PV అని కొడితే సోలార్ ప్యానెళ్ల ఇంజినీర్ ఉద్యోగాలు వరదలా వస్తాయి, ఎందుకంటే ఫోటోవోల్టాయిక్ కూడా పీవీయే. Safety Officer అంటే ఫ్యాక్టరీలో హెల్మెట్లు, అగ్నిమాపక పరికరాలు చూసే మనిషి. RA అంటే ఫార్మాలో రెగ్యులేటరీ అఫైర్స్, యూనివర్సిటీలో రీసెర్చ్ అసిస్టెంట్. QA అని కొడితే సాఫ్ట్‌వేర్ టెస్టర్లు ముంచెత్తుతారు. అన్నిటికన్నా ఎక్కువమందిని తికమక పెట్టేది మెడికల్ కోడర్. హైదరాబాద్‌లో ఈ పేరుతో వచ్చే ప్రకటనల్లో ఎక్కువ భాగం అమెరికా ఆసుపత్రుల బిల్లులకు సంబంధించినవి. వాటిలో ICD-10, CPT అన్న మాటలుంటాయి, CPC సర్టిఫికెట్ అడుగుతారు. అది చెడ్డ ఉద్యోగం కాదు, బి.ఫార్మసీవాళ్లు చాలామంది చేస్తున్నారు. కానీ MedDRAతో కోడ్ చేసే పనికీ దానికీ సంబంధం లేదు. ఒకదానికి కట్టిన శిక్షణ ఫీజు రెండోదానికి అక్కరకు రాదు. ప్రకటనలో ఏ పదకోశం పేరుందో చూస్తే చాలు, రెండింటిలో ఏదో తెలిసిపోతుంది.

అక్కర్లేనివి వడగట్టడానికి NOT ఉంది. NOT solar అంటే సోలార్‌వి పోతాయి. అయితే ఫ్రెషర్లు తరచూ NOT senior అని పెడుతుంటారు, అది మాత్రం వద్దు. "సీనియర్ల పర్యవేక్షణలో పని" అని వివరంలో రాసిన ఫ్రెషర్ ప్రకటన కూడా దాంతోపాటు ఎగిరిపోవచ్చు. అనుభవం సంగతికి సైట్ పక్కన ఫిల్టర్ ఉంటుంది, అది వాడుకోవడం మంచిది. పేర్లలో కూడా మెట్లుంటాయి. ట్రెయినీ, జూనియర్, అసోసియేట్ అన్నవి సాధారణంగా కింది మెట్టు, స్పెషలిస్ట్ పైది, సైంటిస్ట్ ఇంకా పైది. ఇది అన్ని కంపెనీల్లోనూ ఒకటే కాదు కాబట్టి హోదా చూసి వెనక్కి తగ్గకుండా కింద అడిగిన ఏళ్లు చదవాలి.

ప్రకటనల్లో దొరకని పేర్లు మనుషుల దగ్గర దొరుకుతాయి. లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీ తెరిస్తే పూర్వ విద్యార్థుల విభాగం ఉంటుంది. అక్కడ మాటల పెట్టెలో pharmacovigilance అనో MedDRA అనో కొడితే, తన కాలేజీలోనే నాలుగేళ్ల ముందు చదివినవాళ్లు ఇవాళ ఏ హోదాలో ఉన్నారో కనబడుతుంది. వాళ్ల మొదటి ఉద్యోగం పేరు చూడాలి, ఇప్పటిది కాదు. అలాంటి ఒక సీనియర్‌కు "అక్కా, మీ జాబ్ ఎలా వచ్చింది" అని రాస్తే జవాబు రావడం కష్టం. "అక్కా, మీ కంపెనీలో ఫ్రెషర్లను ఏ పేరుతో తీసుకుంటారు, ట్రెయినీ అనా అసోసియేట్ అనా" అని అడిగితే ఒక్క లైనులో చెప్పేస్తారు.

వేరే చదువులవాళ్లకు ఇదే పద్ధతికి ఇంకో ఆసరా O*NET. అమెరికా కార్మిక శాఖ నడిపే ఉచిత సైట్. అందులో ఒక్కో వృత్తి కింద ఆ పని చేసేవాళ్లు చెప్పిన ఇతర హోదాల పేర్లు, చేసే పనులు, వాడే సాఫ్ట్‌వేర్ ఉంటాయి. జీతాలు, అర్హతలు అమెరికావి కాబట్టి వాటిని వదిలేసి పేర్లు, పనిమాటలు మాత్రం ఏరుకోవాలి.

వెతుకులాట ముగిశాక మిగిలే పని రెజ్యూమె. కంపెనీల హెచ్ఆర్ వాళ్లు కూడా అదే సైట్‌లో అవతలి వైపు కూర్చుని MedDRA అనో ICSR అనో కొడుతుంటారు. పైన "బి.ఫార్మసీ గ్రాడ్యుయేట్, మంచి అవకాశం కోసం ఎదురుచూస్తున్నాను" అని ఉన్న రెజ్యూమె ఆ వెతుకులాటలో తగలదు. ఎలక్టివ్‌గా ఫార్మకోవిజిలెన్స్ చదివానని, కేసు చెల్లడానికి కావలసిన నాలుగు అంశాలు తెలుసని, ప్రాజెక్టులో రెండు నమూనా నేరేటివ్‌లు రాశానని నిజంగా చేసి ఉంటే అలాగే రాయాలి. Argus ముట్టుకోకుండా Argus అని రాయడం మాత్రం వద్దు, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

ఈ మాటలతో వెతికినప్పుడు శిక్షణ సంస్థలు కూడా ఉద్యోగ ప్రకటనల వేషంలో వస్తాయి. హోదా బాగుంటుంది, నైపుణ్యాల జాబితా బాగుంటుంది, కంపెనీ పేరు దగ్గర మాత్రం "ప్రముఖ ఎంఎన్‌సీ" అని ఉంటుంది. ఫోన్ చేస్తే రిజిస్ట్రేషన్ కట్టమంటారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు డబ్బు అడగరు. అనుమానం వస్తే ఆ ప్రకటనలోని ఒక వాక్యాన్ని కోట్స్ మధ్య పెట్టి గూగుల్‌లో వెతకాలి. అదే వాక్యం ఏదైనా పెద్ద కంపెనీ కెరీర్స్ పేజీలో కనబడితే, ఇక్కడున్నది దాని కాపీ కావచ్చు. అప్పుడు దరఖాస్తు నేరుగా ఆ పేజీలోనే పెట్టుకోవచ్చు.