పెట్టెలో 35 డిగ్రీలు, తెర మీద 37.5

కోడిగుడ్లు పొదిగించే పెట్టెను ఇంట్లోనే తయారు చేసుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. థర్మోకోల్ డబ్బా, ఒక బల్బు, చిన్న ఫ్యాను, ఆర్డుయినో ఊనో బోర్డు, ఎల్ఎం35 అనే మూడు కాళ్ల ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటే పని మొదలవుతుంది. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీల సెల్సియస్ నిలకడగా ఉంటే 21వ రోజుకు పిల్లలు బయటికొస్తాయి. తెర మీద సరిగ్గా 37.5 కనబడుతున్నా గుడ్లు పొదగని సందర్భాలు ఉంటాయి. కారణాలు చాలా ఉండొచ్చు కానీ, అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది ఆ తెర మీది అంకెనే.

ఎల్ఎం35 పని సూటిగా ఉంటుంది. ఒక్కో డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున వోల్టేజీ ఇస్తుంది. అంటే 37.5 డిగ్రీల దగ్గర 375 మిల్లీవోల్టులు. బోర్డు మీదున్న ఏటీమెగా328పీ చిప్పుకు అంకెలు తప్ప వోల్టేజీ అర్థం కాదు. ఆ వోల్టేజీని అంకెగా మార్చే భాగమే ఏడీసీ, అంటే అనలాగ్-టు-డిజిటల్ కన్వర్టర్. అయితే ఏడీసీ ఇచ్చేది వోల్టేజీ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఇచ్చేది నిష్పత్తి. తన దగ్గరున్న ఒక ప్రామాణిక వోల్టేజీలో సెన్సర్ వోల్టేజీ ఎన్నో వంతో చెబుతుంది, అంతే. ఆ ప్రామాణికాన్నే రిఫరెన్స్ వోల్టేజీ అంటారు.

ఊనోలోని ఏడీసీ 10 బిట్లది. అంటే రిఫరెన్స్‌ను 1024 సమాన మెట్లుగా కోసి, సున్నా నుంచి 1023 వరకు ఏదో ఒక మెట్టు చెబుతుంది. ఇదే రిజల్యూషన్. మనం ఏమీ మార్చకపోతే బోర్డుకు అందే 5 వోల్టులే రిఫరెన్స్. అప్పుడు ఒక్కో మెట్టు దాదాపు 4.88 మిల్లీవోల్టులు, ఎల్ఎం35 లెక్కలో దాదాపు అర డిగ్రీ. 76వ మెట్టు అంటే 37.1 డిగ్రీలు, 77వది 37.6. మధ్యలో ఏమీ లేదు. పెట్టెలో వేడి మెల్లగా పెరుగుతుంటే తెర మీద అంకె 37.1 దగ్గర నిలబడిపోయి, ఒక్కసారిగా 37.6కి దూకుతుంది. అలా దూకడం కనబడితే సెన్సర్ పాడైందనుకోనక్కర్లేదు, మెట్లు పెద్దవిగా ఉన్నాయన్నమాట.

దీనికన్నా ముదిరిన చిక్కు మరొకటి ఉంది. ల్యాప్‌టాప్‌కు తగిలించి ప్రోగ్రామ్ రాసినప్పుడు సరిగ్గా 5 వోల్టులు అందాయనుకుందాం. తర్వాత పెట్టెను పాత ఫోన్ చార్జర్‌కు, సన్నటి కేబుల్‌తో తగిలించారు. బోర్డుకు చేరేది 4.7 వోల్టులు. సెన్సర్ అదే 375 మిల్లీవోల్టులు ఇస్తోంది కానీ, రిఫరెన్స్ తగ్గింది కనక మెట్టు చిన్నదైంది, అంకె 76 నుంచి 81కి పెరిగింది. ప్రోగ్రామ్ మాత్రం ఇంకా 5 వోల్టులనే నమ్ముతూ 81ని 39.6 డిగ్రీలుగా చూపిస్తుంది. బల్బు ముందే ఆరిపోతుంది. తెర మీద 37.5 నిలబడినప్పుడు పెట్టెలో అసలు ఉన్నది 35 డిగ్రీల చిల్లర. వంద రీడింగులు తీసి సగటు కట్టినా ఈ తప్పు పోదు. వందా ఒకే వైపు తప్పుతున్నాయి కదా.

ఎల్ఎం35కు బదులు థర్మిస్టర్ వాడితే ఈ బాధ ఉండదు. థర్మిస్టర్‌నూ దానికి జోడించిన రెసిస్టర్‌నూ అదే 5 వోల్టులకు కడతాం కాబట్టి, సరఫరా తగ్గితే సెన్సర్ వోల్టేజీ, రిఫరెన్స్ రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి, నిష్పత్తి చెదరదు. ఎల్ఎం35 మాత్రం సరఫరాతో సంబంధం లేకుండా తన 10 మిల్లీవోల్టులు తాను ఇస్తుంది. కాబట్టి దానికి కదలని రిఫరెన్స్ కావాలి.

అది చిప్పులోనే ఉంది. 1.1 వోల్టుల అంతర్గత రిఫరెన్స్‌ను ఒక్క వాక్యంతో ఎంచుకోవచ్చు. అప్పుడు మెట్టు 1.07 మిల్లీవోల్టులకు తగ్గి, డిగ్రీలో పదో వంతు దాకా తేడా తెలుస్తుంది. కొలవగలిగే గరిష్ఠం 110 డిగ్రీలకు పడిపోతుంది, పొదిగే పెట్టెకు అది చాలా ఎక్కువే. ఒక మెలిక ఏమిటంటే, 1.1 అన్నది పేరుకే. చిప్పును బట్టి అది 1.0 నుంచి 1.2 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చని తయారీదారు పత్రమే చెబుతోంది. అయితే ఒక చిప్పులో ఎంత ఉందో దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి ఈ రిఫరెన్స్‌ను ఎంచుకుని, ఒక రీడింగ్ తీశాక, బోర్డు మీద AREF అని రాసి ఉన్న పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టి ఒకసారి కొలిస్తే చాలు. 1.08 వచ్చిందనుకుంటే:

```
const float VREF = 1.08;
analogReference(INTERNAL);
int n = analogRead(A0);
float t = n * VREF * 100.0 / 1024.0;
```

రిఫరెన్స్ మార్చిన వెంటనే వచ్చే మొదటి రీడింగులను నమ్మొద్దు, పారేయండి. అలాగే, అంతర్గత రిఫరెన్స్ వాడుతున్నంతసేపూ AREF పిన్నుకు బయటి వోల్టేజీ ఏదీ తగిలించకూడదు.

కరెంటు పోతే ఆదుకోవడానికి 12 వోల్టుల బ్యాటరీ పెట్టి, దాని చార్జి కూడా చూసుకోవాలనుకునేవాళ్లకు మూడో చిక్కు ఎదురవుతుంది. బ్యాటరీ వోల్టేజీని 1.1 లోపుకు దించడానికి రెండు రెసిస్టర్లు కావాలి. బ్యాటరీ వృథాగా ఖర్చు కాకూడదని 4.7 మెగాఓముల రెసిస్టర్, 330 కిలోఓముల రెసిస్టర్ వేశారనుకోండి. వోల్టేజీ 15వ వంతుకు దిగుతుంది, లెక్క బాగానే ఉంది. కానీ ఏడీసీ కొలిచేముందు ఆ వోల్టేజీని తనలోని 14 పికోఫారడ్ల బుల్లి కెపాసిటర్‌లోకి నింపుకుంటుంది. ఊనోలో అందుకు దొరికే సమయం సుమారు 12 మైక్రోసెకన్లు. ఇదే శాంప్లింగ్ సమయం. పెద్ద రెసిస్టర్ల గుండా వచ్చే కరెంటు సన్నటి ధార లాంటిది, ముంత నిండకముందే పక్కకు లాగేసినట్టవుతుంది. తయారీదారు పత్రం 10 కిలోఓములు లేదా అంతకన్నా తక్కువ నిరోధం ఉన్న మూలాలను వాడమంటుంది. ఈ జంటది దాదాపు 308 కిలోఓములు.

నిండని భాగంలో ఏముంటుంది? అంతకుముందు చదివిన పిన్ను తాలూకు వోల్టేజీ మిగిలి ఉంటుంది. ముందు ఉష్ణోగ్రత చదివి, వెంటనే బ్యాటరీ చదివితే, 12.6 వోల్టుల నిండు బ్యాటరీ 12 దరిదాపుల్లో కనబడొచ్చు. పెట్టె వేడెక్కితే బ్యాటరీ అంకె కూడా దాంతోపాటు కాస్త కదులుతుంది. సంబంధం లేని రెండు అంకెలు జంటగా కదలడమే దీని ఆనవాలు. రూఢి చేసుకోవాలంటే బ్యాటరీ పిన్నును వెంటవెంటనే రెండుసార్లు చదవండి. రెండో అంకె మొదటిదానికి భిన్నంగా వస్తే సమయం చాలడం లేదన్నట్టే.

ఇందుకు మందు రూపాయల్లో దొరికే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. దాన్ని ఆ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య, చిప్పుకు దగ్గరగా కట్టాలి. లోపలి కెపాసిటర్‌కన్నా ఇది ఏడు వేల రెట్లు పెద్దది కనక, దాన్ని క్షణంలో నింపేసినా తన వోల్టేజీ ఒక మెట్టు కూడా తగ్గదు. ఇది మళ్లీ పూర్తిగా నిండడానికి కొంత వ్యవధి కావాలి కాబట్టి బ్యాటరీని సెకనుకు ఒకసారి చదివితే సరిపోతుంది. అంతకన్నా వేగంగా చదివి మనం చేసేదేమీ లేదు.

ఇవన్నీ సరిచేసినా ఎల్ఎం35లోనే అర డిగ్రీ తేడా ఉండొచ్చు. తెర మీద దశాంశ స్థానం కనబడినంత మాత్రాన అది నిజమైపోదు. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ కొలిచేది సరిగ్గా ఈ ఉష్ణోగ్రతల్నే. గుడ్లు పెట్టే ముందు పెట్టెను, చివరిదాకా వాడబోయే అడాప్టర్, కేబుల్‌తోనే ఒక పగలు, ఒక రాత్రి నడిపి, థర్మామీటర్‌ను సెన్సర్ పక్కనే ఉంచి రెండు అంకెలూ పోల్చి చూసుకోండి.