బడ్జెట్ కోత కబురు టీమ్‌కు ఎలా చెప్పాలి?

అమెరికాలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీకి పెద్ద కాంట్రాక్టులు చేజారాయి. మనుషుల్ని తీసేయడం ఇష్టంలేక యాజమాన్యం రెండు ఫ్యాక్టరీల్లో పది వారాలపాటు జీతాల్లో 15 శాతం కోత పెట్టింది. మూడో ఫ్యాక్టరీ జోలికి పోలేదు. కోత రెండుచోట్లా ఒకటే, చెప్పిన తీరు మాత్రం వేరు. ఒకచోట దాదాపు గంటన్నర కూర్చుని, లెక్కలు చూపించి, ఎందుకు తప్పలేదో, ఎన్నాళ్లుంటుందో చెప్పి, బాధపడుతున్నామని కూడా అన్నారు. అడిగినవాటికల్లా జవాబిచ్చారు. రెండోచోట పావుగంటలో ముగించి, విమానం అందుకోవాలంటూ వెళ్లిపోయారు.

జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు ఈ మూడు ఫ్యాక్టరీల్లో దొంగతనాల లెక్క తీసి 1990లో ప్రచురించాడు. కోత ఉన్న పది వారాల్లో రెండు ఫ్యాక్టరీల్లోనూ సామాన్లు మాయమవడం పెరిగింది. పావుగంట మీటింగు జరిగినచోట బాగా ఎక్కువగా పెరిగింది. ఉద్యోగం మానేసినవాళ్లూ అక్కడే ఎక్కువ. జీతాలు మళ్లీ మామూలు కాగానే దొంగతనాలూ తగ్గాయి.

మూడు ఫ్యాక్టరీలతో లోకమంతటికీ సూత్రం కట్టలేం. పైగా గంటన్నర వివరించినచోట కూడా నష్టం పూర్తిగా ఆగలేదన్నది గమనించాలి. మంచిగా చెప్పినంత మాత్రాన పోయిన డబ్బు తిరిగి రాదు. కోతకు తోడు అవమానం కూడా జరిగిందని మాత్రం అనిపించదు.

మన ఆఫీసుల్లో ఈ కబురు చెప్పాల్సింది చాలాసార్లు కంపెనీ అధినేత కాదు, టీమ్ మేనేజరు. నిర్ణయం అతనిది కాదు, ఎదురుగా కూర్చునేది మాత్రం అతనే. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌ను ఊహించుకుందాం. జీతాలు పోను ఏడాదికి 60 లక్షల ఖర్చు. అది 48 లక్షలకు తగ్గిందని మేనేజరుకు నిన్ననే తెలిసింది. ఈ కోతలో ఒక కాంట్రాక్టు టెస్టర్ ఉద్యోగం కూడా పోతోంది. ఆ మనిషికి ఈ సంగతి నలుగురిలో తెలియకూడదు. కాబట్టి మేనేజరు చేయాల్సిన మొదటి పని మీటింగు కాదు. ముందురోజే ఆమెను విడిగా కూర్చోబెట్టి చెప్పాలి, టీమ్‌కు ఏ మాటల్లో చెప్పాలో కూడా ఆమెనే అడగాలి.

మర్నాడు టీమ్ ముందు మొదటి మాటలు ఇలా ఉండొచ్చు: “అందరూ వచ్చారు కదా, సూటిగా చెప్తాను. మంచి కబురు కాదు. ఈ ఏడాది మన ఖర్చుల బడ్జెట్ 60 లక్షల నుంచి 48 లక్షలకు తగ్గించారు. పెద్ద క్లయింటు ఒకరు కాంట్రాక్టు రెన్యూ చెయ్యలేదు, అందుకే అన్ని టీములకీ కోత పడింది. మన పని బాగాలేక కాదు. జీతాలు ఈ బడ్జెట్‌లోకి రావు, వాటిల్లో ఈ నిర్ణయం వల్ల మార్పేమీ లేదు.”

అంకె మొదటి నిమిషంలోనే వచ్చేసింది. 2014 జులైలో మైక్రోసాఫ్ట్‌లో స్టీఫెన్ ఈలప్ తన విభాగానికి రాసిన లేఖ సరదా పలకరింపుతో మొదలై, ఫోన్ల వ్యాపార వ్యూహం గురించి పేరాలకు పేరాలు సాగి, చాలా దూరం పోయాక 12,500 ఉద్యోగాలు పోతాయన్న సంగతి బయటపెట్టింది. పత్రికలు ఆ లేఖను ఏకిపారేశాయి. అదే రోజు మన హైదరాబాదీ సత్య నాదెళ్ల పంపిన ఈమెయిల్‌లో మొత్తం 18,000 దాకా ఉద్యోగాలు తగ్గిస్తున్నామన్న మాట మొదట్లోనే ఉంది. ఆ మెయిల్లో కార్పొరేట్ పదాలకు కొదవేమీ లేదు, అయినా చదివేవాడు అంకె కోసం వెతుక్కోనక్కర్లేదు.

జీతాల మాట కూడా వెంటనే రావాలి. కోత అనగానే వినేవాళ్ల మనసు ఇంటి ఈఎంఐ మీదికి పోతుంది. ఆ సంగతి తేలేదాకా తర్వాత చెప్పేవేవీ చెవికెక్కవు. అయితే జీతాలకు ఢోకా లేదని మేనేజరుకు ఖాయంగా తెలిస్తేనే ఆ వాక్యం చెప్పాలి.

ఆ తర్వాత పన్నెండు లక్షల లెక్క. “కాంట్రాక్టు టెస్టింగ్‌కి ఆరు లక్షలు పోతోంది. జూన్ 30 తర్వాత ఆ కాంట్రాక్టు ఉండదు. ఆమెతో నిన్న మాట్లాడాను, మీకు చెప్పమని తనే అన్నారు. ట్రైనింగ్, కాన్ఫరెన్సులకి రెండున్నర లక్షలు, ప్రయాణాలకి రెండు లక్షలు, ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్సుకి లక్షన్నర తగ్గుతున్నాయి. ఎంత తగ్గించాలో పైన నిర్ణయించారు. ఎక్కడ తగ్గించాలో నేను నిర్ణయించాను. తప్పుగా చేశాననిపిస్తే నన్నడగండి.”

చివరి మూడు వాక్యాలే చాలామంది మింగేస్తారు. “పైవాళ్లు చెప్పారు, నా చేతుల్లో ఏముంది” అనడం తేలిక. టీమ్‌తో కలిసి యాజమాన్యాన్ని తిట్టుకుంటే ఆ పూటకు మంచివాడనిపించుకోవచ్చు. రేపు ఎవరికైనా ట్రైనింగ్ కావాలంటే అడగడానికి మాత్రం ఎవరూ రారు, చేతుల్లో ఏమీ లేదని తనే చెప్పుకున్నాడు కాబట్టి. నేను మీకోసం ఎంత పోరాడానో అని చెప్పుకోవడం కూడా అంతే, వినేవాళ్లకు దాంతో పనిలేదు.

తర్వాతది స్క్రిప్టుల్లో తరచూ కనబడని భాగం: ఏ పని మానేస్తున్నాం? “టెస్టింగ్‌కి మనిషి తగ్గుతున్నారు కాబట్టి పాత వెర్షన్‌కి టెస్టింగ్ జులై నుంచి ఆపేస్తున్నాం. వారం వారం ఇచ్చే రిపోర్టు ఇకనుంచి నెలకోసారే. ఈ రెండింటికీ మా డైరెక్టరు ఒప్పుకున్నారు. పాత వెర్షన్‌లో బగ్గులు ఆలస్యంగా బయటపడతాయి, అది తెలిసే చేస్తున్నాం.” డైరెక్టరుతో ఈ ఒప్పందం మీటింగుకు ముందే కుదరాలి. అది లేకుండా “ఉన్నదాంతోనే ఇంకా బాగా చేద్దాం”, “ఇది మనకో అవకాశం” అంటే, వినేవాళ్లు దాన్ని రాత్రి తొమ్మిది దాకా కూర్చోవడం అనే అర్థం చేసుకుంటారు. వాళ్ల అర్థమే సరైనది కూడా.

బాధ చెప్పుకోవడానికి ఒక్క వాక్యం చాలు: “ఆరు నెలలుగా ఆ కాన్ఫరెన్సు కోసం సిద్ధమవుతున్నవాళ్లున్నారు, వాళ్లకిది చెప్పాల్సి రావడం నాకు కష్టంగానే ఉంది.” ఎవరికి ఏం పోయిందో అందులో ఉంది. అంతకన్నా సాగదీస్తే టీమే మేనేజరును ఓదార్చాల్సి వస్తుంది.

ఇదంతా అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన అరగంటా ప్రశ్నలకే వదలాలి. మొదట ఎవరూ నోరు విప్పరు. ఆ నిశ్శబ్దాన్ని పూడ్చడానికి మేనేజరు చెప్పిందే మళ్లీ చెప్పడం మొదలుపెడితే, స్క్రిప్టులో లేని హామీలు నోరు జారతాయి. కాసేపు ఊరుకోవాలి. ఎవరో ఒకరు అడిగేస్తారు: “సార్, మళ్లీ కోత ఉంటుందా?”

“ఉండదని చెప్పలేను. సెప్టెంబరు లెక్కలు చూశాక మళ్లీ సమీక్షిస్తారని తెలుసు. అక్టోబరు 10న మీతో మళ్లీ కూర్చుంటాను, కొత్త కబురు లేకపోతే లేదనే చెప్తాను.”

తెలియని ప్రశ్నకు “తెలియదు, శుక్రవారంలోగా కనుక్కుని చెప్తాను” అనొచ్చు. తెలిసినా బయటపెట్టకూడని ప్రశ్నకు “ఆ సంగతి చెప్పే అధికారం ఇప్పుడు నాకు లేదు” అనాలి. అక్కడ తెలియదని బొంకితే, నెల తర్వాత నిజం బయటపడ్డప్పుడు ఈ రోజు చెప్పిన 48 లక్షల అంకెను కూడా ఎవరూ నమ్మరు.

మీటింగు అవ్వగానే అవే అంకెలు, అవే తేదీలు ఒక చిన్న మెయిల్లో అందరికీ వెళ్లాలి. చెడ్డ కబురు విన్నవాడికి సగమే గుర్తుంటుంది, మిగతా సగం సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో ఎవరికి తోచినట్టు వాళ్లు పూరించుకుంటారు. తేదీలు అప్పుడే క్యాలెండర్‌లో కూడా పెట్టేయాలి. అక్టోబరు 10 నాటికి చెప్పడానికేమీ లేదనిపించినా ఆ మీటింగును రద్దు చేయకూడదు.