బెత్తెడు దూరంలో మధ్యగీత

"కబడ్డీ ఆటగాడు పరిగెత్తి, తప్పించుకుని, గీత తాకాడు" అని ప్రాంప్ట్ రాస్తే బొమ్మలు గీసే ఏఐ తికమక పడుతుంది. పనులు మూడు, కామిక్ గడి ఒకటే. ఒక్కోసారి అదే మనిషి రెండుసార్లు ప్రత్యక్షమవుతాడు.

అందుకే ఒక్క క్షణమే రాయాలి: వెనక నుంచి చీలమండ దొరకబుచ్చుకున్నారు, అతను బోర్లా సాగాడు, వేళ్లకూ మధ్యగీతకూ బెత్తెడు దూరం. కెమెరా నేలమీద, కాస్త వాలుగా. చాచిన చెయ్యి మన ముఖంమీదికి వస్తున్నంత పెద్దగా ఉండాలి.

మాటల బుడగకు "ఖాళీ వదులు" అంటే చాలదు, అక్కడ జనాన్ని నింపేయొచ్చు. "పై ఎడమ మూల, గడిలో నాలుగో వంతు, మబ్బుల్లేని ఆకాశం" అనాలి. బుడగనూ అక్షరాలనూ అడగకపోవడమే మేలు. తెలుగు ఒత్తులు తరచూ వంకర్లు పోతాయి. అవి తర్వాత మనం అతికించుకునేవే.