సెల్ఫీ ముఖం పోర్ట్రెయిట్‌లో ఎందుకు అతకదు?

పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలకు ఈ చిక్కు తరచూ ఎదురవుతుంది. పెళ్లికూతురి తల్లి పోర్ట్రెయిట్ చక్కగా వచ్చింది. పట్టుచీర, నగలు, వెలుగు అన్నీ కుదిరాయి, కళ్లు మాత్రం మూసుకుపోయాయి. అదే మండపంలో ఆవిడ తీసుకున్న సెల్ఫీలో ముఖం కళకళలాడుతోంది. ఆ ముఖం తెచ్చి ఇక్కడ పెట్టమంటారు. రంగు కలిపి అంచులు మెత్తబరిచినా, చూసినవాళ్లు మాత్రం ‘ఇది అత్తయ్యలా లేదే’ అంటారు.

తప్పు లెన్స్‌దని చాలామంది అనుకుంటారు. నిజానికి ముఖం పోలికను మార్చేది దూరం. రెండు మీటర్ల నుంచి ఫోన్‌తో తీసి ముఖం వరకు కత్తిరించినా, అక్కడి నుంచే 85 ఎంఎం లెన్స్‌తో తీసినా ముక్కుకూ చెవికీ ఉండే నిష్పత్తి ఒకటే. చెయ్యి చాచి తీసే సెల్ఫీలో కెమెరా బాగా దగ్గరికి వస్తుంది కాబట్టి అక్కడ లెక్క మారిపోతుంది.

ముక్కు కొన నుంచి కళ్లు సుమారు 4 సెంటీమీటర్లు, చెవులు 12 సెంటీమీటర్లు వెనక ఉన్నాయనుకుందాం. సెల్ఫీ 40 సెంటీమీటర్ల నుంచి తీస్తే ముక్కు కొన 40లో, కళ్లు 44లో, చెవులు 52లో ఉంటాయి. దగ్గరున్నది పెద్దగా పడుతుంది కాబట్టి కళ్లతో పోలిస్తే ముక్కు కొన 10 శాతం పెద్దదవుతుంది. రెండు మీటర్ల పోర్ట్రెయిట్‌లో ఈ తేడా 2 శాతమే. అంటే సెల్ఫీ ముక్కు కొనను సుమారు 7 శాతం తగ్గించాలి. చెవులనైతే దాదాపు 14 శాతం పెంచాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. దగ్గరి నుంచి తీసినప్పుడు చెంపలు చెవులను కొంత కప్పేస్తాయి. ఫొటోలో లేని చెవిని ఎంత సాగదీసినా రాదు.

అందుకే నా మాట ఒకటే: సెల్ఫీ నుంచి ఎంత తక్కువ తీసుకుంటే అంత మంచిది. జుట్టు, చెవులు, చెంపల అంచు, గడ్డం పోర్ట్రెయిట్‌వే ఉంచేయాలి. కనుబొమల పైనుంచి కింది పెదవి కింది వరకు ఉన్న భాగం చాలు. కళ్లు మాత్రమే మార్చి సరిపెట్టగలిగితే మరీ మేలు.

ముందుగా సెల్ఫీ అద్దంలోలా తిరగబడిందేమో చూడాలి. ముక్కుపుడక ఏ వైపు ఉందో చూస్తే తెలిసిపోతుంది. ముఖం ఫ్రేమ్ అంచున పడి సాగి ఉంటే ఆ సాగుడును ముందే సరిచేయాలి. తర్వాత పరిమాణం కలపాలి. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. ముఖం వెడల్పును బట్టి కలిపితే కళ్లూ ముక్కూ లావైపోతాయి, ఎందుకంటే సెల్ఫీలో ముఖం అంచులు ముందే కుంచించుకుపోయి ఉంటాయి. రెండు కనుపాపల మధ్య దూరం రెండు ఫొటోల్లోనూ ఒకటయ్యేలా కలపాలి.

ఆపైన ఫొటోషాప్‌లో అయితే లిక్విఫై. ముక్కు మొత్తాన్ని ఒకే కొలతలో కుదిస్తే కళ్ల మధ్య దూలం నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. ఆ దూలం దాదాపు కళ్ల వరుసలోనే ఉంటుంది కాబట్టి అక్కడ మార్పు దాదాపు అక్కర్లేదు. కిందికి వచ్చేకొద్దీ పెంచుతూ కొన దగ్గర 7 శాతానికి చేర్చాలి. ముక్కు వెడల్పుతో పాటు పొడవూ కాస్త తగ్గాలి. పెదవులకు 3, 4 శాతం చాలు, వాటిని ఒక వెంట్రుకవాసి పైకి కూడా జరపాలి. లిక్విఫైలోని ముఖం స్లైడర్ల మీద కనిపించే అంకెలు శాతాలు కావు. వాటిని నమ్మకుండా గైడ్ గీతలు పెట్టి కొలుచుకోవాలి.

సరిపోయిందో లేదో తెలియాలంటే కొత్త లేయర్‌ను వెంటవెంటనే ఆపి, వేసి చూడండి. ముఖం ముందుకు ఉబికినట్టు అనిపిస్తే ఇంకా తగ్గించాలి. ఫొటోను చిన్నది చేసి చూసినా తేడా పట్టుబడుతుంది.

సెల్ఫీని పైనుంచి తీసి ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. నుదురు పెద్దదై, గడ్డం చిన్నదై, ముక్కు రంధ్రాలు కనబడకుండా పోతాయి. అది దూరం తేడా కాదు, కోణం తేడా. వేరే ఫొటో వెతుక్కోవడమే దారి.

మనిషి అందుబాటులో ఉంటే ఈ కుస్తీ ఏదీ అక్కర్లేదు. పోర్ట్రెయిట్‌లో వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో ఆ వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఫోన్‌ను కళ్ల ఎత్తులో పట్టుకుని, రెండు మీటర్ల దూరం నుంచి వెనక కెమెరాతో జూమ్ చేసి తీయండి.